సున్నా వేరు, ఖాళీ వేరు

మా మేనకోడలు అనంతపురంలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. గణాంకశాస్త్రం ఆమె సబ్జెక్టు. ప్రాజెక్టుకు వేరుశనగ కాలంలో వచ్చే బెట్టను ఎంచుకుంది. విత్తనం పడ్డాక వాన ఎన్ని రోజులు మొహం చాటేస్తోంది, ముప్పై ఏళ్లలో అలాంటి బెట్టలు ఎన్ని వచ్చాయి, పంట ఏ దశలో ఉండగా వచ్చాయి అన్నవి ఆమె తేల్చాలనుకున్న ప్రశ్నలు. అమ్మమ్మ ఊళ్లో పదును వాన కోసం ఆకాశం చూసిన మనుషుల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి ఈ విషయం ఎందుకు తీసుకున్నావని నేను అడగలేదు.

వాతావరణ కార్యాలయానికి ఆమె ఒక ఈమెయిల్ రాసింది. నాలుగే వాక్యాలు. రాసింది ఇంగ్లీషులో, భావం ఇది: "సర్, నేను డిగ్రీ విద్యార్థినిని. నా ప్రాజెక్టుకు అనంతపురం వర్షపాతం వివరాలు కావాలి. పాత సంవత్సరాలవి, రోజువారీవి. దయచేసి త్వరగా పంపగలరు." నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"మామా, వాన లెక్కలు పంపండి అంటే నన్నే ప్రశ్నలు అడిగినారు."

నేను చాలా ఏళ్లు వ్యవసాయ గణాంకాల పనిలో ఉన్నవాణ్ణి. ఆ జవాబు చదివి వినిపించమన్నాను. అనంతపురం అంటే నగరంలోని కేంద్రమా, జిల్లా అంతానా? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? వాడుక చదువు కోసమేనా? కాలేజీ నుంచి లేఖ ఉందా? ఉత్తరం చదివిన ఉద్యోగి ఎవరో గానీ పని తెలిసిన మనిషి. ఆ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా పంపే ఫైలు ఆమెకు పనికిరాదు.

మొదటి ప్రశ్ననే తీసుకోండి. అనంతపురం పేరుతో నగరంలో వాతావరణ శాఖ కేంద్రం ఒకటి ఉంది. ప్రపంచ పట్టికలో దాని సంఖ్య 43237. ఒకేచోట ఒక పరికరం కొలిచిన వాన అది. "అనంతపురం జిల్లా వర్షపాతం" అంటే సంగతి మారిపోతుంది. అది ఎన్నో మండలాల కొలతలు కలిపి తీసిన సగటు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది. అంతకుముందు 63 మండలాలున్న జిల్లాలో ధర్మవరం, హిందూపురం, కదిరి వైపు మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. పేరు అదే ఉన్నా 2021 నాటి అనంతపురం జిల్లా సగటు, 2023 నాటి సగటు ఒకే నేల గురించి చెప్పవు. వీటిని ఒకే గీతలో కలిపి వాన పెరిగిందనో తగ్గిందనో రాస్తే, కనిపించేది జిల్లా సరిహద్దు మార్పే కావచ్చు.

ఏళ్ల సంగతీ అలాంటిదే. కొందరు పిల్లలు "మా మండలానికి 1951 నుంచి వివరాలు కావాలి" అని రాస్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో మండలాలే 1985లో పుట్టాయి. అంతకుముందు తాలూకా కేంద్రాల్లో వర్షమాపకాలు ఉండేవి. పాత తాలూకా కేంద్రమైన ఊరికి పొడవైన రికార్డు దొరికే అవకాశం ఉంది, కొత్తగా మండల కేంద్రమైన ఊరికి ఆ ఆశ తక్కువ. ఇప్పుడు మండలాల్లో కనిపించే స్వయంచాలక కేంద్రాలు ఇంకా ఆలస్యంగా వచ్చినవి. ముప్పై ఏళ్ల లెక్క కావాలంటే ముందు ముప్పై ఏళ్లుగా ఉన్న వర్షమాపకాన్ని వెతుక్కోవాలి.

ఇక్కడ ఆమె ఒక ప్రశ్న వేసింది. "నెట్‌లో ఊరికే దొరికే వాన లెక్కలు ఉన్నాయంట కదా మామా, ఈ ఉత్తరాలన్నీ ఎందుకు?" ఉన్న మాట నిజమే. భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి దేశమంతటి రోజువారీ వానను గళ్ల రూపంలో ఇస్తోంది. అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీకి ఒక బిందువు, అంటే సుమారు 27 కిలోమీటర్లకు ఒకటి. దేశంలోని 6955 వర్షమాపకాల రికార్డుల నుంచి దాన్ని తయారుచేశారు. ఏ ఒక్కరోజూ అన్నిటి కొలతా ఉండదు. ఆ రోజుకు దొరికిన కేంద్రాల వానను చుట్టుపక్కల బిందువులకు దూరాన్ని బట్టి పంచుతారు. ఒక రాష్ట్రంలో రుతుపవనాల తీరు చూడాలన్నా, పెద్ద నదీ పరీవాహకంలో ఎంత నీరు పడిందో లెక్కగట్టాలన్నా అంతకంటే మంచి వనరు చెప్పలేను.

అయితే ఈమె వెతుకుతున్నది బెట్ట. గళ్ల లెక్క సరిగ్గా అక్కడే తడబడుతుంది. శ్రావణంలో మన మెట్ట ప్రాంతపు వాన ఎలా పడుతుందో తెలిసిందే. ఒక ఊరి పొలిమేరలో కురిసి పక్క ఊరి చేను తడపకుండా పోతుంది. పాతిక కిలోమీటర్ల అవతల 20 మిల్లీమీటర్లు పడితే, పంపకంలో ఈ బిందువుకు మూడో నాలుగో మిల్లీమీటర్లు రావచ్చు. ఇక్కడి నేల పొడిగానే ఉన్నా పట్టికలో చిన్న వాన నమోదవుతుంది. దాంతో 18 రోజుల బెట్ట రెండు ముక్కలై, రెండూ లెక్కలోంచి జారిపోతాయి. సగటు వాన చూసేవారికి ఈ తేడా పెద్దది కాదు. ఎండిన రోజులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారికి అది లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే ఒకచోట ఒక మనిషి చూసి రాసిన అంకె ఆమెకు అవసరం. ఉత్తరం రాయాల్సిందే.

ఆ అంకె ఎలా పుడుతుందో కూడా ఆమెకు చెప్పాల్సి వచ్చింది. పాత పద్ధతి వర్షమాపకం పైన గరాటు, లోపల సీసా. వాడుకలో ఉన్న ఒక రకానికి గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, ఇంకో రకానికి 100. రోజూ ఉదయం 8:30కి సీసాలోని నీటిని గీతలున్న కొలగాజులో పోసి చూస్తారు. ఒక మిల్లీమీటరు వాన పడితే పెద్ద గరాటులో 20 మిల్లీలీటర్లు, చిన్నదానిలో 10 మిల్లీలీటర్లు చేరతాయి. దేని కొలగాజు దానిదే. ఒకటి పగిలి, రెండోదాని గాజు వాడారనుకోండి, ఆ రోజు నుంచి వాన రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది. ఇలాంటి తప్పు ఒక్కరోజు చూస్తే తెలియదు. చుట్టూ ఉన్న మూడు నాలుగు కేంద్రాల నెల మొత్తాలతో పోల్చినప్పుడు, ఫలానా నెల నుంచి ఈ ఒక్క కేంద్రమే విడిపోయిందని కనపడుతుంది.

తేదీ సంగతి ఇంకా చిక్కు. 8:30కి కొలిచినది అంతకుముందు 24 గంటల వాన. దాన్ని కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. జూన్ 30 సాయంత్రం నాలుగింటికి కుండపోత కురిస్తే, రిజిస్టరులో అది జూలై 1 వాన. ముంబైలో 2005 జూలై 26 మధ్యాహ్నం మొదలైన వరద వాన దేశమంతా గుర్తుంచుకున్నది. శాంతాక్రూజ్ కేంద్రంలో కొలిచిన 944 మిల్లీమీటర్లు 27వ తేదీ ఉదయం 8:30తో ముగిసిన 24 గంటలవి. పత్రికల్లో 26 అని ఉంటుంది, రికార్డులో 27 అని ఉంటుంది, రెండూ సరైనవే. అదే 24 గంటల్లో అదే నగరంలోని కొలాబాలో పడింది సుమారు 73 మిల్లీమీటర్లే. "ముంబై వర్షపాతం పంపండి" అని రాసిన విద్యార్థికి ఈ రెండు అంకెల్లో ఏది వెళ్లాలి? కేంద్రం పేరు రాయకపోతే ఎంత నష్టమో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఉపగ్రహాల వాన లెక్కలతో పోల్చేవారు ఈ తేదీ దగ్గరే ఎక్కువగా పొరబడతారు. వాటిలో చాలావాటి రోజు గ్రీన్‌విచ్ అర్ధరాత్రికి, అంటే మనకు తెల్లవారి 5:30కి మొదలవుతుంది. మొదలైన తేదీనే దానికి పెడతారు. మన రిజిస్టరులో ముగిసిన తేదీ. రెండింటినీ ఒకే తేదీ కింద పక్కపక్కన పెడితే ఒకటి కురిసినప్పుడు రెండోది పొడిగా ఉన్నట్లు కనిపిస్తుంది. ఉపగ్రహం తప్పని తేల్చేముందు ఒక రోజు జరిపి చూడాలి.

ఇవన్నీ మాట్లాడుకున్నాక ఆమె రెండో ఉత్తరం రాసింది. అందులో ముఖ్యమైన భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

"నేను అనంతపురంలో గణాంకశాస్త్రం డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేరుశనగ పంటకాలంలో బెట్ట రోజులపై ప్రాజెక్టు చేస్తున్నాను. 1991 జనవరి 1 నుంచి 2020 డిసెంబరు 31 వరకు రోజువారీ వర్షపాతం, మిల్లీమీటర్లలో, ఈ కేంద్రాలకు కావాలి: అనంతపురం వాతావరణ కేంద్రం (43237), దానితోపాటు ఇంతే కాలానికి రికార్డు ఉన్న దగ్గరి వర్షమాపక కేంద్రాలు రెండు. ఏవి ఉన్నాయో చెబితే ఎంచుకుంటాను. జిల్లా సగటు అవసరం లేదు. సాదా టెక్స్ట్ ఫైలైనా చాలు. వాన లేని రోజును, కొలత తీసుకోని రోజును వేర్వేరుగా ఎలా గుర్తించారో దయచేసి తెలపండి. ఈ కాలంలో కేంద్రం చోటు గానీ పరికరం గానీ మారి ఉంటే ఆ తేదీలు కూడా కావాలి. ఈ వివరాలను ప్రాజెక్టుకు తప్ప వాడనని, ఇతరులకు ఇవ్వనని సంతకం చేసిన హామీపత్రం, మా విభాగాధిపతి లేఖ జతచేశాను."

కాలేజీ లేఖ, హామీపత్రం గురించి ఒక మాట. వాతావరణ శాఖ పాత రికార్డులు భద్రంగా ఉండేది పుణెలోని జాతీయ డేటా కేంద్రంలో. ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో, తెలంగాణకు హైదరాబాద్‌లో వాతావరణ కేంద్రాలున్నా, పొడవైన రికార్డు అడిగితే ఉత్తరం చాలాసార్లు పుణె వైపే తిరుగుతుంది. అడిగింది చదువు కోసమా, వ్యాపారం కోసమా అన్నదాన్ని బట్టి షరతులు మారతాయి. కాబట్టి లేఖ ముందే జతచేస్తే ఒక విడత రాకపోకలు తప్పుతాయి. హామీపత్రంపై సంతకం చేశాక ఆ ఫైలును స్నేహితుల గ్రూపులో పెట్టకూడదు. పిల్లలు ఇది తేలిగ్గా తీసుకుంటారు, తీసుకోకూడదు.

ఆ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం, కొలత తీసుకోని రోజును ఎలా గుర్తించారన్నది. ఎందుకో ఫైలు వచ్చాక ఆమెకే అర్థమైంది.

ముందు వరుసలు లెక్కపెట్టమన్నాను. 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్లలో ఎనిమిది లీపు సంవత్సరాలు. మొత్తం 10,958 రోజులు. ఒక కేంద్రం ఫైలులో 10,927 వరుసలే ఉన్నాయి. 31 తక్కువ. వెతికితే ఒక మే నెల మొత్తంగా లేదు. ఆ నెల ఖాళీగా కూడా కనిపించదు, ఏప్రిల్ 30 కింద జూన్ 1 వచ్చేస్తుంది. వరుసగా పొడి రోజులను లెక్కపెట్టే ప్రోగ్రాం ఆ రెండు రోజులనూ పక్కపక్క రోజులనుకుంటుంది. అందుకని ముందు ముప్పై ఏళ్ల తేదీలన్నీ ఆమె సొంతంగా రాసుకుని, వాటి ఎదురుగా వానను అమర్చింది. లేని తేదీ అప్పుడు ఖాళీ గడిగా బయటపడింది.

కొన్ని ఫైళ్లలో ఖాళీకి బదులు -999 అని ఉంటుంది. కొలత లేదని దానర్థం. చూసుకోకుండా కూడితే నెల వర్షపాతం సున్నా కంటే కిందికి పోతుంది కాబట్టి ఆ తప్పు తొందరగానే దొరికిపోతుంది. ఖాళీని సున్నాగా మార్చేసిన ఫైలు అలా దొరకదు.

ఆమెకు చూపించడానికి నేను కాగితం మీద ఒక ఆగస్టు నెల వేశాను. వేరుశనగ జూలై 10న విత్తారనుకుందాం. ఆగస్టు 12న 18 మిల్లీమీటర్ల వాన. 13 నుంచి 20 వరకు సున్నాలు. 21 నుంచి 24 వరకు గడులు ఖాళీ. 25 నుంచి 29 వరకు మళ్లీ సున్నాలు. 30న 11 మిల్లీమీటర్లు. మన దేశంలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే దాన్ని వానరోజు అంటారు. పదిరోజులు వరుసగా వానరోజు లేకపోతే ఒక బెట్ట అని ఆమె నిర్వచనం పెట్టుకుంది. ఈ ఆగస్టులో బెట్ట ఉందా?

ఖాళీలను సున్నాలనుకుంటే 13 నుంచి 29 వరకు 17 రోజుల బెట్ట. అది విత్తిన 34వ రోజు నుంచి 50వ రోజు వరకు, పూత పూసి ఊడలు నేలలోకి దిగే సమయం. పైనేల గట్టిపడితే ఊడ దిగదు, కాయ కట్టదు. రైతుకు ఆ ఏడాది మునిగినట్టే. ఖాళీ రోజులను తీసేసి మిగిలినవాటిని దగ్గరకు చేరిస్తే 13 రోజుల బెట్ట. ఆ నాలుగు రోజుల్లో మొదటిరోజు, 21న మంచి వాన పడి ఉంటే, ఎనిమిది రోజులు ఒకటి, మధ్యలో మిగిలిన పొడి రోజులు కలిపినా పదికి చేరని ముక్క ఇంకొకటి. అప్పుడు బెట్టే లేదు. ఒకే ఫైలు నుంచి మూడు జవాబులు. కంప్యూటరు ఈ మూడింటిలో ఏదైనా అంతే నమ్మకంగా చెబుతుంది.

ఇలాంటి చోట దగ్గరి కేంద్రాన్ని చూడాలి. రెండు మూడు పొరుగు కేంద్రాల్లోనూ ఆ నాలుగు రోజులు సున్నా ఉంటే, ఇక్కడా పొడిగా ఉందనడానికి కొంత ధైర్యం వస్తుంది. పొరుగున 22న పెద్ద వాన ఉంటే ఏమీ చెప్పలేం. మన వాన ఊరి పొలిమేరల వాన, పక్క ఊరి అంకెను తెచ్చి ఇక్కడ రాయకూడదు. అప్పుడు ఆ బెట్టను సందేహపు పట్టికలో వేసి, అలాంటివి ఎన్ని ఉన్నాయో నివేదికలో రాయాలి.

కొలత లేని రోజు ఇంకో వేషంలో కూడా వస్తుంది. దాన్ని ఆమె తనంతట తానే పట్టుకుంది. నేను చెప్పిందల్లా వానను వారాల ప్రకారం విడగొట్టి చూడమని. ఒక కేంద్రంలో మంగళవారం నుంచి శనివారం వరకు వానరోజులు దాదాపు సమానంగా వచ్చాయి. ఆదివారాల్లో బాగా తక్కువ. సోమవారాల్లో పడిన వాన మాత్రం మిగతా రోజుల కంటే ఎక్కువ. ఆకాశానికి సెలవు రోజులు తెలియవు కదా. ఆదివారం ఎవరూ సీసా తీసి చూడలేదు, సోమవారం రెండు రోజుల నీరూ కలిపి కొలిచారు. ఆదివారం గడిలో గీత పెట్టాల్సింది, సున్నా పడింది. నెల మొత్తం కావాల్సినవారికి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, నీరు ఎక్కడికీ పోలేదు. ఒక రోజులో పడిన అతిపెద్ద వాన కావాల్సినవారికి మాత్రం సోమవారపు అంకె అబద్ధం చెబుతుంది. బెట్ట లెక్కకు ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, పదో రోజు దగ్గర ఆ ఒక్కరోజే అడ్డం తిరుగుతుంది.

నిజం చెప్పాలంటే ఆ సున్నా రాసిన మనిషి మీద నాకు కోపం లేదు. ఆ పని చాలాచోట్ల వేరే ఉద్యోగం చేసుకునేవారికి అదనంగా అప్పగించింది. తడుస్తూ వెళ్లి సీసా తీసి, అంకె రాసి, పై ఆఫీసుకు పంపేవాళ్లు లేకపోతే ఈ ముప్పై ఏళ్లు మనకు ఉండేవే కావు. ఆ రిజిస్టరు చదివేవాళ్లం దాన్ని మనిషి రాసిన కాగితంగా చదవాలి, అంతే.

ఆమె ఆ కేంద్రాన్ని బెట్ట లెక్క నుంచి తీసేసి, నెల మొత్తాలు సరిచూడడానికి మాత్రం ఉంచుకుంది. మిగిలిన రెండు కేంద్రాలతో పని నడిపింది. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అంత తక్కువ వానలో పడ్డ రోజుల కంటే పడని రోజుల వరసే పంట తలరాత రాస్తుందన్నది వేరుశనగ రైతుకు ఎప్పుడూ తెలిసిన సంగతే. ఆ వరసకు ఇప్పుడు ఆమె తేదీలు పెడుతోంది.

మొన్న ఫోన్ చేసినప్పుడు ఆఫీసుకు మూడో ఉత్తరం రాస్తున్నానని చెప్పింది. ఈసారి అడిగేది డేటా కాదు. లేని మే నెల తేదీలు, ఖాళీ గడులున్న రోజులు, అనుమానం వచ్చిన ఆదివారాలు ఒక పట్టికలో రాసి, కాగితపు రిజిస్టరులో వాటి ఎదురుగా ఏమైనా ఉందేమో చూడగలరా అని అడుగుతోంది. "ఉంటే చెప్పమని రాసినా మామా. లేకపోతే లేదని రాసి పంపితే చాలు, నా పట్టికలో ఖాళీగానే పెడతా."

ఆ ఉత్తరం అడుగున ప్రాజెక్టు పూర్తయ్యాక ఒక ప్రతి పంపుతానని కూడా రాసింది.